ఇష్టాలు మారినా నిలిచే పేరు: చదువుల బ్లాగుకు పేరు పెట్టే పద్ధతి

చదువుతున్న వాటి గురించి, నేర్చుకుంటున్న వాటి గురించి సొంతంగా ఒక బ్లాగు రాయాలన్న ఆలోచన సాధారణంగా ఏదో ఒక విషయం మనసును గట్టిగా పట్టుకున్నప్పుడే వస్తుంది. ఆ ఊపులో పెట్టే పేరు కూడా ఆ విషయం చుట్టూనే తిరుగుతుంది. కొన్నేళ్లకు చదువు ఇంకో దారి పడుతుంది. అప్పుడు కొత్త వ్యాసం రాయడానికి కూర్చుంటే పైన ఉన్న పేరే అడ్డొస్తుంది. కొందరు రాయడం మానేస్తారు, కొందరు ఇంకో బ్లాగు తెరుస్తారు. ఎలా చేసినా పాత పాఠకుల్లో చాలామంది జారిపోతారు.

ఈ ఇబ్బంది రాకుండా ఉండాలంటే పేరును మీరు చదివే విషయం నుంచి కాకుండా మీరు చదివే తీరు నుంచి తీసుకోవాలని నా గట్టి నమ్మకం. విషయాలు ఏడాదికోసారి మారవచ్చు. ఒక మనిషి పుస్తకాన్ని పట్టుకునే తీరు, ప్రశ్న అడిగే తీరు మాత్రం అంత తొందరగా మారవు. ఈ పని ఎలా చేయాలో ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరిదాకా నడిపిస్తూ చెబుతాను.

ఒక చదువరి ఉందనుకుందాం. ప్రస్తుతం ఆమె లోకమంతా ఖగోళశాస్త్రమే. బ్లాగుకు "తారాపథం" అని పేరు పెడదామనుకుంటోంది. వినడానికి అందంగా ఉంది, ఇప్పుడు రాయబోయే పది వ్యాసాలకు చక్కగా సరిపోతుంది. పదకొండో వ్యాసం సంగీతం గురించి అయితే?

మొదటి అడుగు: ఏది మార్చగలం, ఏది మార్చలేం

బ్లాగు పేరు అని మనం ఒకే మాటలో అంటాం కానీ నిజానికి అందులో నాలుగు పొరలున్నాయి. అన్నిటికంటే అడుగున ఉండేది వెబ్ చిరునామా, అంటే డొమైన్. దాని పైన బ్లాగు పేరు. ఆ పేరు కింద ఒక చిన్న వాక్యం ఉంటుంది, దాన్ని ట్యాగ్‌లైన్ అంటాం. అన్నిటికంటే పైన వ్యాసాలను విడదీసే వర్గాలు, ట్యాగులు.

ట్యాగ్‌లైన్‌ను ఈ రాత్రి మార్చినా ఎవరికీ నష్టం లేదు. వర్గాలు కూడా అంతే, కావాలంటే కలపొచ్చు, విడగొట్టొచ్చు. పేరు మారిస్తే పాఠకులు కొన్నాళ్లు తికమకపడతారు, తర్వాత అలవాటు పడతారు. చిరునామా మార్చడమే అసలు కష్టం. ఇతరులు తమ పేజీల్లో ఇచ్చిన లింకులు, పాఠకులు దాచుకున్న బుక్‌మార్కులు, సెర్చ్ ఇంజిన్లు గుర్తుపెట్టుకున్న పేజీలు, కొత్త వ్యాసాలను పాఠకుడి యాప్‌కు వాటంతటవే చేర్చే ఫీడ్ చందాలు అన్నీ దానికే కట్టేసి ఉంటాయి.

కాబట్టి ఇవాళ్టి ఇష్టానికి చోటు ఇవ్వాల్సింది ట్యాగ్‌లైన్‌లో, వర్గాల్లో. అడుగు పొరకు వెళ్లేకొద్దీ విషయం తగ్గాలి. "తారాపథం" అన్న పేరు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తోంది. తొందరగా మారిపోయే ఇష్టాన్ని ఎన్నటికీ మారకూడని చోట పెడుతోంది. అదే ఇష్టాన్ని "ప్రస్తుతం: ఆకాశం గురించి చదువుతున్నాను" అని ట్యాగ్‌లైన్‌లో పెడితే పాఠకుడికి అందే సమాచారంలో ఏమీ తగ్గదు.

రెండో అడుగు: పాత చదువుల జాబితా తీయండి

పేర్ల కోసం ఆలోచించే ముందు ఒక కాగితం తీసుకుని గడిచిన ఐదారేళ్లలో మిమ్మల్ని నిజంగా పట్టుకున్న విషయాలను రాయండి. చదవాలనుకున్నవి వద్దు, చదివినవే రాయండి. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నవి, సగంలో వదిలేసినవి, పాఠాలుగా విన్నవి, చేత్తో చేసి నేర్చుకున్నవి కూడా చేర్చండి. గుర్తురాకపోతే ఫోన్‌లో దాచుకున్న లింకులు, పాత నోటుపుస్తకాలు, ఈ-బుక్ యాప్‌లోని జాబితా చూడండి. మన జ్ఞాపకం ప్రస్తుత ఇష్టాన్ని పెద్దది చేసి, పాతవాటిని చిన్నవి చేసి చూపిస్తుంది. అందుకే జ్ఞాపకం మీద కంటే ఈ ఆధారాల మీద ఎక్కువగా ఆధారపడండి.

తర్వాత ప్రతి విషయం పక్కన ఒక వాక్యం రాయాలి: "దీన్ని చదివేటప్పుడు నేను ఏం చేశాను?" ఇక్కడ "ఆనందించాను", "తెలుసుకున్నాను" లాంటి మాటలు పనికిరావు, అవి ఎవరి గురించైనా చెప్పొచ్చు. కంటికి కనిపించే పని రాయాలి. పటాలు గీశాను, తేదీలు వరసగా పేర్చాను, మూలం వెతికి చదివాను, వేరేవాళ్లకు వివరించి చూశాను, లెక్క మళ్లీ చేశాను. ఇలాంటివి.

మన చదువరి జాబితా ఇలా వచ్చిందనుకుందాం. చదరంగం చరిత్ర చదివిన రోజుల్లో ఒకే ఆట గురించి ఇద్దరు ఆటగాళ్లు రాసిన వివరణలను పక్కపక్కన పెట్టి చూసేది. మొక్కల గురించి చదివినప్పుడు ఒకే మొక్కను రెండు పుస్తకాలు వర్ణించిన తీరులో తేడాలు రాసుకుంది. ఇప్పుడు ఖగోళశాస్త్రంలో, 1610 జనవరిలో గెలీలియో బృహస్పతి పక్కన కనిపించిన చుక్కల గురించి రాత్రి తర్వాత రాత్రి రాసుకున్న నోట్సును, అదే సంఘటనను ఈనాటి పుస్తకాలు చెప్పే తీరుతో పోల్చి చూస్తోంది. ఆ నోట్సులో మొదట అవి మామూలు నక్షత్రాలే అనుకున్నాడు. కొన్ని రాత్రుల తర్వాతే అవి బృహస్పతి చుట్టూ తిరుగుతున్నాయన్న నిర్ణయానికి వచ్చాడు. తర్వాతి కాలపు పుస్తకాల్లో ఆ తడబాటు చాలావరకు ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఆమెను పట్టుకున్నది ఆ తేడాయే.

మూడు విషయాలు, మూడు దూరపు రంగాలు. చేసిన పని మాత్రం ఒక్కటే: రెండు కథనాలను కలిపి చదవడం. ఆమె బ్లాగుకు అసలు విషయం అదే, ఆకాశం కాదు. జాబితా రాయకపోతే ఇది బయటపడేది కాదు.

మీ జాబితాలో ఇంత స్పష్టంగా ఒకే పని కనిపించకపోవచ్చు. రెండు మూడు పనులు వస్తే అన్నీ ఉంచుకోండి. ఏ పనీ మళ్లీ మళ్లీ కనిపించకపోతే మాత్రం పేరు పెట్టడానికి ఇంకా సమయం రాలేదని అర్థం. అలాంటప్పుడు మీ సొంత పేరుతోనే బ్లాగు మొదలుపెట్టడం మంచిది. దాని గురించి కింద చెబుతాను.

మూడో అడుగు: తలుపులు మూసే పేర్లను గుర్తుపట్టండి

విషయం పేరు పెడితే ఇబ్బంది అన్నది అందరికీ సులభంగానే తడుతుంది. అంతగా కనబడకుండా తలుపులు మూసే పేర్లు ఇంకొన్ని ఉన్నాయి.

వాటిలో మొదటిది మాధ్యమం. "పుస్తకాల" అన్న మాటతో మొదలయ్యే పేరు ఇవాళ సరిగ్గానే అనిపిస్తుంది. రేపు మీరు ఒక ఉపన్యాస వరుస విని నేర్చుకున్నారు, లేదా చేత్తో ఏదో పని నేర్చుకున్నారు. అది రాయడానికి చేయి ఆగుతుంది. "బ్లాగు" అన్న మాటను పేరులోనే చేర్చడం కూడా ఇలాంటిదే. మీ రాతలు ఎప్పుడైనా ఈమెయిల్ ఉత్తరాలుగానో, ఆడియోగానో మారితే పేరు వెనకబడిపోతుంది.

రెండోది దశ. "కొత్త పాఠకుడి డైరీ", "మొదటి అడుగులు", "విద్యార్థి నోట్స్" లాంటివి మీరు ఇప్పుడున్న చోటును చెబుతాయి. మీరు అక్కడే ఉండిపోరు. సంవత్సరం, వయసు, "ఏడాదికి ఇన్ని పుస్తకాలు" లాంటి అంకెలు కూడా అంతే. ఆ గడువు దాటిన రోజు నుంచి పేరు పాతబడడం మొదలవుతుంది.

మూడోది దీనికి పూర్తిగా వ్యతిరేకం, అతి వెడల్పు. భవిష్యత్తులో దేనికైనా సరిపోవాలి కదా అని "జ్ఞానం", "విజ్ఞాన ప్రపంచం", "ఆలోచనలు" అని పెట్టేవాళ్లు చాలామంది. అన్నిటికీ సరిపోతుంది, నిజమే. కానీ ఎవరికీ గుర్తుండదు, సెర్చ్‌లో వెతికితే దొరకదు, ఎవరు రాస్తున్నారో ఏ తీరులో రాస్తున్నారో చెప్పదు. వెడల్పు విషయంలో ఉండాలి, పలుకులో ఉండకూడదు. మంచి పేరు ఏ విషయాన్నైనా లోపలికి రానిస్తుంది, అయినా ఒక్క మనిషిదే అని తెలిసిపోతుంది.

ఇక్కడ రెండు నిజమైన ఉదాహరణలు ఉపయోగపడతాయి. మరియా పపోవా 2006లో "బ్రెయిన్ పికింగ్స్" అనే పేరుతో తన చదువుల గురించి రాయడం మొదలుపెట్టింది. పదిహేనేళ్లు ఆ పేరుతోనే లక్షలమంది చదివారు. 2021లో, ఆ పేరు తన రాతలకు ఇక నప్పడం లేదని, "ది మార్జినేలియన్" అని మార్చుకుంది. కొత్త పేరు పుస్తకాల అంచుల్లో రాసుకునే మనిషిని సూచిస్తుంది. అంటే చదివే తీరు నుంచి వచ్చిన పేరు. కవిత్వమైనా, భౌతికశాస్త్రమైనా, మరణం గురించిన ఆలోచనైనా దాని కింద ఇమిడిపోతాయి.

రెండోది షేన్ పారిష్ 2009లో మొదలుపెట్టిన "ఫార్నమ్ స్ట్రీట్". అతనికి ఆదర్శమైన మదుపరి వారెన్ బఫెట్ ఇల్లూ, ఆఫీసూ ఉన్న వీధి పేరది. మొదటి చిరునామా మాత్రం `68131.blogspot.com`, ఆ ఆఫీసు పిన్‌కోడ్. అంకెల చిరునామా వదిలేయాల్సి వచ్చింది, వీధి పేరు నిలిచింది. ఆ బ్లాగు పెట్టుబడుల దగ్గర ఆగకుండా నిర్ణయాలు తీసుకోవడం, చదవడం, నేర్చుకోవడం వైపు విస్తరించినా పేరు ఎక్కడా అడ్డు రాలేదు. ఏదైనా వస్తువు, చోటు, పని పేరు తీసుకుంటే దానికి అర్థాన్ని మీ రాతలే నింపుతాయి. విషయాన్ని నేరుగా చెప్పే పేరుకు అలాంటి ఖాళీ ఉండదు.

సొంత పేరు గురించి ఒక మాట. పైన చెప్పిన ఏ తలుపునూ అది మూయదు, ఎప్పటికీ పాతబడదు. అయితే మీ పేరు చాలామందికి ఉన్న పేరైతే సెర్చ్‌లో కలిసిపోతుంది. ఉద్యోగానికీ రాతలకూ మధ్య దూరం ఉంచాలనుకునేవాళ్లకు అసలు కుదరదు. అలాంటి చిక్కులు లేకపోతే, డొమైన్ సొంత పేరు మీద తీసుకుని పైన కనిపించే బ్లాగు పేరును వేరుగా పెట్టుకోవడం నేను చూసినవాటిలో అన్నిటికంటే భద్రమైన పద్ధతి. పేరు మార్చుకోవాలనిపించినా చిరునామా కదలదు.

నాలుగో అడుగు: పేర్లు పుట్టించడం

ఇప్పుడు మీ తీరును చెప్పే క్రియను మధ్యలో పెట్టుకుని దాని చుట్టూ పేర్లు రాయండి. మన చదువరి దగ్గరున్న క్రియలు కలపడం, పోల్చడం, పక్కన పెట్టడం. వాటి నుంచి "కలిపి చదివితే", "పక్కపక్కన", "రెండు సాక్ష్యాలు", "పోలిక", "ఇద్దరు చెప్పింది", "ఇంకో కథనం" లాంటివి వస్తాయి. తర్వాత ఆ పనికి వాడే వస్తువులు, జరిగే చోటు, జరిగే సమయం కూడా తీసుకోవచ్చు. ఆమె రాత్రిపూట రెండు పుస్తకాలు తెరిచి పెట్టుకుంటుంది కాబట్టి "రెండు పుస్తకాల బల్ల" అనీ రాసుకుంది. అందులో మళ్లీ పుస్తకం చేరింది, మాధ్యమం తలుపు మూసుకుంది.

ఒకే కూర్చోడంలో ముప్పై పేర్లు రాయాలని పెట్టుకోండి. మొదటి పది పేర్లు ఎవరికైనా తట్టేవే అయి ఉంటాయి. అవి అయిపోయాకే మీవి వస్తాయి. రాసేటప్పుడు ఏదీ కొట్టేయొద్దు, ఏరడం మర్నాడు చేయండి.

ఏరేటప్పుడు వాడుకలో ఆ మాటకు అంటుకున్న భావం చూడాలి. "మళ్లీ మొదటికి" అన్నది మూలాల దాకా వెళ్లి చదివే మనిషికి బాగుందనిపిస్తుంది. కానీ "కథ మళ్లీ మొదటికొచ్చింది" అని మనం విసుగుతో అంటాం. పేరు చూసిన ప్రతివాడి చెవిలో ముందు ఆ విసుగే మోగుతుంది. "రెండు సాక్ష్యాలు" అంటే కోర్టు గుర్తొస్తుంది, "ఇద్దరు చెప్పింది" అంటే చాడీల్లా ఉంది. నిఘంటువులో సరైన అర్థం ఉన్నంత మాత్రాన చాలదు.

చివరికి ఆమె దగ్గర మూడు మిగిలాయి: "కలిపి చదివితే", "పక్కపక్కన", "ఇంకో కథనం".

ఐదో అడుగు: వాక్యంలో పెట్టి చూడండి

ఒంటరిగా చూస్తే చాలా పేర్లు బాగానే ఉంటాయి. వాక్యంలో పెడితేనే నిజం తెలుస్తుంది. భవిష్యత్తులో రాసే అవకాశమున్న మూడు విషయాలు ఎంచుకోండి. ఒకటి ఇప్పటి ఇష్టానికి దగ్గరది, ఒకటి బాగా దూరమైనది, ఒకటి బరువైనది, అంటే జబ్బు, మరణం, ఓటమి లాంటిది. బరువైన విషయాన్ని తప్పకుండా చేర్చమని ఎందుకంటున్నానంటే, చమత్కారంగా పెట్టిన పేర్లు సరిగ్గా అక్కడే దెబ్బతింటాయి. మనిషి జీవితం గడిచేకొద్దీ అలాంటివి చదవాల్సిన రోజులు వస్తాయి, చదివినవాడు రాస్తాడు కూడా.

మన చదువరి మూడు శీర్షికలు రాసింది. దగ్గరది: దూరదర్శిని కటకాలు ఎలా తయారయ్యాయి. దూరమైనది: పెద్దయ్యాక వయొలిన్ నేర్చుకోవడం. బరువైనది: అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నవాళ్ల రాతలు. తర్వాత ఒక్కో పేరును పాఠకుడు స్నేహితుడితో అనే మాటలో పెట్టింది.

"ఇంకో కథనంలో పోగొట్టుకున్నవాళ్ల రాతల గురించి వచ్చింది, చదివావా?" ఇక్కడ ఇంకో కథనం అంటే వేరే ఏదో వ్యాసం అనుకునే అవకాశముంది. పేరు పేరులా వినబడకుండా వాక్యంలో కరిగిపోయింది. అందుకే ఆ పేరు పోయింది.

"పక్కపక్కనలో వయొలిన్ గురించి రాసింది." అర్థమవుతుంది కానీ "లో" చేరగానే నాలుక తడబడుతోంది. తెలుగులో పేరుకు ఎప్పుడూ లో, కి, నుంచి తగులుతూనే ఉంటాయి కాబట్టి ఈ తడబాటు ప్రతిసారీ ఉంటుంది.

"కలిపి చదివితే" క్రియతో ముగుస్తుంది, దానికీ "లో" అంత హాయిగా అతకదు. అయితే ఇలాంటి పేరును జనం తమంతట తామే కత్తిరించుకుంటారు: "కలిపిలో వచ్చింది చూశావా?" అంటారు. పొడుగు పేరు ఉన్నప్పుడు దాని పొట్టి రూపం ఏమవుతుందో మీరే ముందుగా ఊహించుకోవాలి, అది వినడానికి బాగుండాలి. ఇక "కలిపి చదివితే: దూరదర్శిని కటకాల కథ", "కలిపి చదివితే: అమ్మానాన్నల్ని పోగొట్టుకున్నవాళ్లు" అని శీర్షికల్లో పెట్టి చూస్తే రెండింటిలోనూ నిలబడింది. బరువైన చోట తేలిపోలేదు. ఇద్దరి దుఃఖాన్ని పక్కపక్కన పెట్టి చదవబోతున్నామని నెమ్మదిగా చెబుతోంది కూడా.

ఆరో అడుగు: చెవి నుంచి వేలికి

తెలుగు పేరుకు ఉన్న అతి పెద్ద ఇబ్బంది, చాలామంది పట్టించుకోనిది ఇదే. పేరు తెలుగులో పెడతాం, చిరునామా మాత్రం సాధారణంగా ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. ఒకే తెలుగు మాటను మనలో ఒక్కొక్కరం ఒక్కో రకంగా టైప్ చేస్తాం. "తారాపథం" తీసుకోండి: `tarapatham`, `taarapatham`, `taraapatham`, `tharapatham`, `tarapadham`. వీటిలో మీరు ఒకటి కొంటారు, మిగతావి టైప్ చేసినవాళ్లు ఎక్కడికో పోతారు.

తేడాలు ఎక్కడ పుడతాయో తెలిస్తే తప్పించుకోవచ్చు. దీర్ఘాలు మొదటి కారణం, ఆ కు `a` అనీ `aa` అనీ రాస్తాం, ఈ కు `i`, `ee` రెండూ వాడతాం. త, థ, ద, ధ లకు `h` పెట్టాలా వద్దా అన్నది రెండో కారణం. శ, ష, స ల మధ్య గందరగోళం, వ కు `v`, `w`, క్ష కు `ksh`, `x` ఆ తర్వాతివి. హ్రస్వాలతో, క గ ప బ మ న ర ల లాంటి హల్లులతో ఉన్న మాటలకు దాదాపు ఒకే స్పెల్లింగు వస్తుంది.

ఈ లెక్కన "కలిపి" అన్న మాటకు `kalipi` తప్ప ఇంకో రూపం తట్టడం కష్టం. "చదివితే" మాత్రం `chadivite`, `chadivithe` అని విడిపోతుంది. దారి సులభం: పేరు మొత్తాన్నీ చిరునామాలో పెట్టాలని ఏ నియమమూ లేదు. పేరు "కలిపి చదివితే", చిరునామాలో `kalipi` ఒక్కటే.

దీన్ని మనుషుల మీద పరీక్షించాలి. నలుగురైదుగురికి ఫోన్ చేసి పేరు ఒక్కసారి చెప్పి, విన్నది ఇంగ్లిష్ అక్షరాల్లో మెసేజ్ చేయమనండి. స్పెల్లింగు మీరు చెప్పకూడదు. అందరూ ఒకేలా పంపితే మంచిది. మూడు రకాలు వస్తే ఆ మాటను చిరునామా నుంచి తీసేయండి. ఫోన్‌లోనే చేయమనడానికి కారణముంది. 1994లో జెఫ్ బెజోస్ తన కంపెనీని మొదట "కడాబ్రా" అని నమోదు చేయించాడు. అతని లాయరు ఆ మాటను ఫోన్‌లో "కెడావర్"గా, అంటే శవంగా విన్నాడు. తర్వాత ఎంచుకున్న అమెజాన్ అన్న పేరులో, మొదట అమ్మింది పుస్తకాలే అయినా, పుస్తకం ఊసు లేదు.

ఇంకొన్ని చిన్న సంగతులు. చిరునామాలో పెద్దక్షరాలకూ చిన్నక్షరాలకూ తేడా ఉండదు కాబట్టి మాటలు విడదీయడానికి అవి పనికిరావు. మాటలు కలిపి రాసినప్పుడు మధ్యలో వేరే అర్థం పుడుతోందేమో చూడండి. హైఫన్ అనుమతిస్తారు కానీ నోటితో చెప్పేటప్పుడు ప్రతిసారీ వివరించాలి. అంకెలు పెడితే `2` అని రాయాలా `rendu` అని రాయాలా అన్న ప్రశ్న వస్తుంది. రెండూ మానేయడమే మేలు.

తెలుగు లిపిలోనే చిరునామా తీసుకోవచ్చా? కొన్ని డొమైన్లలో తీసుకోవచ్చు. కానీ వ్యవస్థ లోపల అది `xn--` తో మొదలయ్యే ఇంగ్లిష్ అక్షరాల వరసగా మారుతుంది, కొన్ని యాప్‌లు పాఠకుడికి ఆ రూపాన్నే చూపిస్తాయి. దాన్ని రెండో చిరునామాగా ఉంచుకుని మొదటిదానికి మళ్లించడం బాగుంటుంది, దాని మీదే ఆధారపడొద్దు.

ఏడో అడుగు: వెతకండి, ఆగండి, కొనండి

పేరును తెలుగులో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి సెర్చ్ చేయండి, ఇంగ్లిష్ అక్షరాల్లో కూడా చేయండి. "కలిపి చదివితే" వాక్యాల మధ్య మామూలుగా వచ్చే మాటే, అందుకని ఫలితాలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ఇంకెవరైనా దాన్ని పేరుగా, ముఖ్యంగా చదువుకు సంబంధించిన దేనికైనా పేరుగా వాడుతున్నారేమో అదొక్కటీ చూడాలి. యూట్యూబ్‌లోనూ, పాడ్‌కాస్ట్ యాప్‌లలోనూ విడిగా వెతకండి.

డొమైన్ ఖాళీగా ఉందో లేదో `lookup.icann.org` లో చూడవచ్చు. `kalipi` లాంటి చిన్న మాట `.com` లో ఎవరో తీసుకునే ఉండే అవకాశం ఎక్కువ. అప్పుడు అక్షరాలు తీసేసి, చేర్చి వంకర స్పెల్లింగు చేయకండి. వేరే ముగింపు ఎంచుకోవడమో, `kalipi` పక్కన మీ పేరులోని ఒక మాట చేర్చడమో మంచిది. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర పక్కనే ఏటా పునరుద్ధరణ ధర ఎంతో చూడండి. రెండూ ఒకటి కాకపోవచ్చు, మీరు ఏళ్ల తరబడి కట్టబోయేది రెండోదే.

ఖాళీగా ఉందని తెలిసిన రోజే కొంటే తప్పు లేదు, కానీ ప్రకటించే ముందు ఆ పేరు కింద ఐదు వ్యాసాల చిత్తుప్రతులు రాయండి. కనీసం రెండు ఇప్పటి ఇష్టానికి సంబంధం లేనివి కావాలి. రాస్తున్నంతసేపూ పేరు పైన కనబడేలా పెట్టుకోండి. ఆ రెండు చిత్తుల్లో "దీనికీ మన బ్లాగుకూ సంబంధం ఏమిటంటే" అన్న సంజాయిషీ వాక్యం మీకు తెలియకుండానే వచ్చేసిందంటే, పేరు ఇంకా ఇరుకుగానే ఉంది.

ఎనిమిదో అడుగు: విషయాన్ని దాని చోట పెట్టడం

పేరు వెడల్పుగా ఉన్నప్పుడు కొత్తగా వచ్చినవాడికి ఇక్కడేం దొరుకుతుందో ట్యాగ్‌లైన్ చెప్పాలి. మన చదువరి ఇలా రాసుకుంది: "ఒకే సంగతిని ఇద్దరు ఎలా చెప్పారో పోల్చి చూసే రాతలు. ప్రస్తుతం ఆకాశం గురించి." మొదటి వాక్యం ఏళ్ల తరబడి ఉంటుంది, రెండోది ఇష్టంతో పాటు మారుతుంది.

వ్యాసాల చిరునామాల్లోకి కూడా విషయం చొరబడకుండా చూడాలి. చాలా వేదికలు వర్గం పేరును చిరునామాలో చేర్చే వీలు ఇస్తాయి, `/khagolam/jupiter/` లాగా. రేపు ఆ వర్గాన్ని "విజ్ఞానం"లో కలిపేస్తే లింకులన్నీ మారతాయి. సెట్టింగ్స్‌లో వ్యాసం పేరు మాత్రమే ఉండేలా పెట్టుకోండి. ఆ భాగాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో మీరే చిన్నగా టైప్ చేయండి. తెలుగులో వదిలేస్తే లింకును కాపీ చేసినప్పుడు ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిది అక్షరాలుగా మారవచ్చు. "అ" ఒక్కటే `%E0%B0%85` అవుతుంది.

ఇప్పటికే ఇరుకు పేరు పెట్టి ఉంటే

ముందుగా చిరునామాను ముట్టుకోకుండా పైన కనిపించే పేరును మాత్రమే మార్చి చూడండి. చాలామందికి అదే సరిపోతుంది, ఎందుకంటే పాఠకుడు చదివేది పేరును. చిరునామాలో పాత విషయం మరీ కొట్టొచ్చినట్టుంటేనే దాన్ని మార్చండి.

సొంత డొమైన్ ఉంటే పాత పేజీ ప్రతిదీ కొత్త చోటులోని అదే పేజీకి శాశ్వతంగా మళ్లాలి. అపాచీ సర్వర్‌లో పాత డొమైన్ `.htaccess` ఫైల్‌లో ఈ ఒక్క వరస చాలు:

```
Redirect 301 / https://kotta.example/
```

తర్వాత పాత వ్యాసం ఒకదాని చిరునామాతో టెర్మినల్‌లో ఇలా పరీక్షించండి:

```
curl -I https://paata.example/jupiter/
```

జవాబులో `301`, దాని కింద `location:` పక్కన కొత్త డొమైన్‌తో పాటు `/jupiter/` కూడా కనబడాలి. పాత లింకులన్నీ కొత్త హోమ్ పేజీకే వెళ్తుంటే మళ్లింపు సగమే జరిగినట్టు. పాఠకుడు అడిగిన వ్యాసం అతనికి దొరకదు. మీరు ఉచిత వేదిక ఇచ్చిన చిరునామాలో ఉంటే ఇలాంటి మళ్లింపు చేతిలో ఉండకపోవచ్చు. మార్చే ముందే ఆ వేదిక సహాయ పేజీలో చూసుకోండి. మళ్లింపు లేకపోతే పాత బ్లాగును తీసేయకుండా అలాగే ఉంచి, చివరి వ్యాసంగా కొత్త చిరునామా రాసి పెట్టండి.

ఫీడ్‌ను విడిగా చూసుకోవాలి. మార్చడానికి ముందే ఏదైనా ఫీడ్ రీడర్‌లో మీ బ్లాగుకు మీరే చందా కట్టుకోండి. మార్చిన తర్వాత పాత వ్యాసాలన్నీ కొత్తవిగా మళ్లీ కనిపిస్తే, వ్యాసాల గుర్తింపు సంకేతాలు కూడా చిరునామాతో పాటు మారిపోయాయని అర్థం. వేదిక సెట్టింగ్స్‌లో పాత సంకేతాలను నిలపగలిగితే నిలపండి, కుదరకపోతే చందాదారులకు ఒక చిన్న గమనిక రాయండి. కొత్త వ్యాసం అసలు రాకపోతే ఫీడ్ చిరునామా మళ్లడం లేదన్నమాట.

పాత డొమైన్‌ను మాత్రం ఏటా కడుతూనే ఉండండి. గడువు దాటి అది వదిలిపోతే ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. అప్పుడు మీ వ్యాసాల కోసం ఇతరులు ఇచ్చిన లింకులన్నీ ఆ కొత్త యజమాని పెట్టిన పేజీకే వెళ్తాయి.